ఈఓటీ క్లెయిమ్‌లో ఫ్లోట్ ఏ ప్రోగ్రామ్ నుంచి తీసుకోవాలి?

అన్నా, బ్రిడ్జి సైట్‌లో ప్లానింగ్ ఇంజనీర్‌ని, ఈఓటీ క్లెయిమ్ రెడీ చేస్తున్నా, కాస్త సాయం కావాలి. పీ3 పియర్ దగ్గర పైలింగ్ జనవరి 6న మొదలవ్వాలి, కానీ పైన ఉన్న హెచ్‌టీ లైన్ తీసేసరికి ఫిబ్రవరి 21 అయింది, అంటే 47 రోజులు, లైన్ షిఫ్టింగ్ బాధ్యత క్లయింట్‌దే. బేస్‌లైన్‌లో పీ3కి 20 రోజుల ఫ్లోట్ ఉంది, కానీ డిసెంబర్ ఆఖరి అప్‌డేట్‌లో 12 రోజులే మిగిలింది, అందుకే నేను 35 రోజులు అడుగుతున్నా. వాళ్లేమో ఆ 8 రోజులు మీ ఆలస్యం వల్లే పోయాయి, 27 మాత్రమే అంటున్నారు. ఆలస్యం మొదలయ్యే ముందు రోజు ఉన్న ప్రోగ్రామ్ మీదే లెక్క కట్టాలి కదా?

ఇంకోటి, ఫిబ్రవరి 3 నుంచి 11 దాకా మా రిగ్ రిపేర్‌లో ఉంది. అప్పటికి పీ3 తప్ప పైలింగ్ ఎక్కడా మిగల్లేదు, రిగ్ బాగున్నా లైన్ కింద బూమ్ లేపలేం. డీపీఆర్‌లో "రిగ్ బ్రేక్‌డౌన్" అని నేనే రాశా, దాన్ని దాచే ఉద్దేశం లేదు. ఇది కాంకరెంట్ డిలే కింద కొట్టేస్తారా?

హిండ్రెన్స్ రిజిస్టర్‌లో జేఈ గారి సంతకం జనవరి 20 వరకే ఉంది. తర్వాతవాటికి రోజూ సాయంత్రం మెయిల్ చేసిన డీపీఆర్‌లు, తేదీ పడిన ఫోటోలు సరిపోతాయా? పాత తేదీలకి ఇప్పుడు సంతకం పెట్టించుకోమంటున్నారు మా వాళ్లు, నాకది అస్సలు ఇష్టం లేదు. ఇలాంటివి చేసినవాళ్లు చెప్పండి ప్లీజ్.