55 ఏళ్లకి ఏది నిలబడుతుంది: ఒకే పనిలో లోతా, నాలుగు పనుల మీద పట్టా?

మిణుగురు: నాకు 34 ఏళ్లు. తొమ్మిదేళ్లుగా పేమెంట్ల సాఫ్ట్‌వేర్ ఒక్కటే చేస్తున్నాను, అదీ ఒకే లాంగ్వేజ్‌లో. ఇప్పుడు కోడ్ వదిలేసి నాలుగు టీమ్‌లు చూసుకునే పోస్టు ఇస్తామంటున్నారు. ఇక్కడే లోతుకి వెళ్లనా, అటు పోనా? 55 ఏళ్లప్పుడు ఏది నిలబడుతుంది?

నిప్పురవ్వ: పోస్టు తీసుకోండి, ఆలోచించకండి. వెబ్‌సైట్లలో వీడియోలు, ఆటలు నడిపించిన ఫ్లాష్‌ని నమ్ముకున్నవాళ్లు ఏమయ్యారో చూశాం. 2007లో ఐఫోన్ ఫ్లాష్ లేకుండానే వచ్చింది. 2020 డిసెంబరు 31తో అడోబీ దానికి సపోర్టే ఆపేసింది. అన్నేళ్ల పనితనం అక్కడితో సరి.

పాతకాపు: ఫ్లాష్ సంగతి నిజమే. మరి 1959లో పుట్టిన కోబాల్ లాంగ్వేజ్ ఇంకా బ్యాంకుల్లో నడుస్తోంది కదా? ఫ్లాష్ చేసే పనిని బ్రౌజర్లు సొంతంగా చేయగలిగాక దాని అవసరం తీరిపోయింది. కోబాల్ ప్రోగ్రాముల్లో మాత్రం దశాబ్దాల వడ్డీ లెక్కలు, మినహాయింపులు ఇరుక్కుని ఉన్నాయి. వాటిని తీసెయ్యాలన్నా ముందు అవి ఏం చేస్తున్నాయో తెలిసిన మనిషి కావాలి. వయసుతో విలువ పెరిగేది ఆ తెలివిడికి, లాంగ్వేజ్‌కి కాదు.

నా పనే చెబుతాను. రోజు చివర బ్యాంకు ఫైల్లో మొత్తం, మన పుస్తకాల్లో మొత్తం కలవవు. తేడా మరుసటి రోజు దానంతటదే సర్దుకుంటే ఆ రోజు లెక్క మూసే కటాఫ్ టైమ్ దగ్గర అటూ ఇటూ అయిన లావాదేవీలే కారణం అనుకుంటాను. తేడా సరిగ్గా ఒక లావాదేవీ అంత ఉంటే అది రెండుసార్లు పడిందేమో, లేక అసలు పడలేదేమో చూస్తాను. తేడాలో సగం ఒక లావాదేవీతో సరిపోతే, వెనక్కి తిప్పిన లావాదేవీ, అంటే రివర్సల్, ప్లస్ మైనస్ తారుమారై పడి ఉంటుంది. తేడా 9తో శేషం లేకుండా భాగమైతే, చేత్తో ఎక్కించిన చోట అంకెలు తారుమారయ్యాయేమో వెతుకుతాను: 5740 బదులు 5470 కొడితే తేడా 270. ఇవి గట్టి ఆధారాలు కావు, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పే గుర్తులు. 26 ఏళ్లలో మూడు లాంగ్వేజ్‌లు మారాను, ఈ గుర్తులు మాత్రం మారలేదు.

వానచినుకు: మా అబ్బాయి ఇప్పుడే మొదలుపెడుతున్నాడు. జావా నేర్పించమంటారా, పైథానా?

పాతకాపు: అది వేరే ప్రశ్న అండి, విడిగా అడగండి, తప్పకుండా చెబుతాను.

సాయంకాలం: నాకు 49. మిణుగురు గారు చెప్పిన పోస్టు లాంటిదే నేను 36లో తీసుకున్నాను. పదకొండేళ్లలో ఐదు టీమ్‌లు చూశాను, జీతం బాగా పెరిగింది. తర్వాత కంపెనీ చేతులు మారి మా పోస్టులు పోయాయి. వెళ్లిన ప్రతి ఇంటర్వ్యూలోనూ ఒకటే ప్రశ్న: "మీరు స్వయంగా ఏం చేశారు?" ఏ పనికి ఎవరికి ఫోన్ చెయ్యాలి, ఎవరి సంతకం ముందు తీసుకోవాలి, ఏ ఇద్దరిని ఒకే మీటింగ్‌లో కూర్చోబెట్టకూడదు, ఇదే నా నైపుణ్యం. అది ఆ ఆఫీసుతోనే పోయింది. మళ్లీ ఉద్యోగం దొరకడానికి 14 నెలలు పట్టింది, అదీ తక్కువ జీతానికి. ఆ నెలల టెన్షన్ ఎవరికీ వద్దు.

నిప్పురవ్వ: మీ మాట చదివి బాధేసింది. అయినా పరిశోధన నా వైపే ఉంది. 2017లో హనుషెక్ అనే ఆర్థికవేత్త, మరో ముగ్గురు 11 దేశాల వివరాలు తీసుకుని చూశారు. ఒక వృత్తికే తయారుచేసే చదువు చదివినవాళ్లకి మొదట్లో ఉద్యోగాలు సులువుగా దొరుకుతాయి. వయసు పెరిగేకొద్దీ ఆ లాభం తగ్గిపోతుంది.

పాతకాపు: అది చదువు సంగతి, ఇరవై ఏళ్ల అనుభవం సంగతి కాదు. కాకపోతే కారణం ఇక్కడా వర్తిస్తుంది, ఒప్పుకుంటాను: ఒక పనిముట్టుకే అతుక్కున్న నేర్పు ఆ పనిముట్టుతోనే ముసలిదవుతుంది.

మిణుగురు గారూ, మీరు ఈమధ్య తేల్చిన పది గట్టి సమస్యలు కాగితం మీద రాయండి. తేల్చడానికి లాంగ్వేజ్ తెలియడమే పనికొచ్చిందా, డబ్బు ఎలా కదులుతుందో తెలియడం పనికొచ్చిందా, మీ ఆఫీసు మనుషులు తెలియడమా? ఒక్కోదాని పక్కన గుర్తు పెట్టండి.

మిణుగురు: రాశాను. ఆరు లాంగ్వేజ్‌వి, రెండు ఆఫీసువి, రెండే డబ్బువి. లోతుగా ఉన్నాననుకున్నాను, కానీ ఆ లోతు నేను అనుకున్న చోట లేదు. పోస్టు తీసుకుని, లెక్కలు కలిపే పని మాత్రం నా దగ్గరే ఉంచుకోవచ్చా?

పాతకాపు: ఉంచుకోండి. ఒప్పుకునే ముందే అడిగి, కాగితం మీద రాయించుకోండి.

సాయంకాలం: నేనూ అలాగే ఉంచుకున్నాను. రెండేళ్లు నిలబడింది, తర్వాత మీటింగులు మింగేశాయి. అది ఎప్పుడు నా చేతిలోంచి పోయిందో నేను గమనించనే లేదు.

పాతకాపు: మా టీమ్‌లో ఒకాయన ఎనిమిదేళ్లుగా రెండూ చేస్తున్నాడు. వారంలో ఒక రోజు మీటింగులు పెట్టనివ్వడు.

సాయంకాలం: పైవాళ్లు మారినా ఆ రోజు ఆయనకి మిగులుతుందా?