అద్దె ఆలస్యమైతే స్క్రీన్‌షాట్ పంపడం సరిపోదా?

మేడమీదగది: అద్దె 5వ తేదీలోపు కట్టాలి. 5 శుక్రవారం, ఆ సాయంత్రమే పంపాను. ఓనరు ఖాతాలో సోమవారం పడింది. "ఆలస్యం బ్యాంకు వల్ల, స్క్రీన్‌షాట్ జతచేశాను" అని ఆదివారం మెసేజ్ పెడితే ఆయన నమ్మట్లేదు. ఇందులో నా తప్పేంటి?

గోడగడియారం: ఏం తప్పు లేదు. మీరు పంపిన తేదీయే లెక్క, అంతే.

కౌంటర్‌వెనక: అంత తేలిగ్గా చెప్పలేమండీ. ఒప్పందంలో "పంపాలి" అని ఉందా, "ఖాతాలో జమ కావాలి" అని ఉందా చూసుకోవాలి. కొన్ని రకాల బదిలీల్లో సాయంత్రం గడువు దాటితే బ్యాంకు తర్వాతి పనిదినానికి నెట్టేస్తుంది. మీ స్క్రీన్‌షాట్‌లో "ప్రాసెసింగ్" అని ఉందా, "పూర్తయింది" అని ఉందా?

మేడమీదగది: ప్రాసెసింగ్.

కౌంటర్‌వెనక: అయితే మీరు ఆదేశం ఇచ్చారనే దానికే అది రుజువు. డబ్బు చేరినట్టు కాదు. ఖాతా నంబరు తప్పితే కట్ అయిన డబ్బు కూడా వెనక్కి రావచ్చు.

రెండుతాళాలు: నేనూ ఓనర్నే. ఒకాయన ఇలాగే ప్రాసెసింగ్ స్క్రీన్‌షాట్ పంపి, మర్నాడు బదిలీ రద్దు చేసుకున్నాడు. రెండు నెలలు తిరిగాను. ఇప్పుడు బొమ్మ చూపిస్తే నమ్మను.

గోడగడియారం: ఎవరో మోసం చేస్తే ఈయన్ని అనుమానించడమేంటి? అద్దెకుండేవాళ్లంటే అంత చులకనా!

రెండుతాళాలు: చులకన కాదు బాబూ. ఆదివారం ఆయనంతట ఆయనే చెప్పారా, ఓనరు అడిగితే చెప్పారా?

మేడమీదగది: ...ఫోన్ చేసి అడిగాకే చెప్పాను.

రెండుతాళాలు: నా బాధ అదే. శుక్రవారం రాత్రే ఒక మాట చెప్పుంటే నేనైతే సోమవారం దాకా నోరెత్తేదాన్ని కాదు.

కౌంటర్‌వెనక: శుక్రవారమే ఇలా రాయాల్సింది:

"నమస్కారమండీ. ఈ నెల అద్దె ఇవాళ సాయంత్రం 6:40కి పంపాను. బ్యాంకు గడువు దాటాక వేశాను, పొరపాటు నాదే. సోమవారం జమ అవుతుందని చూపిస్తోంది. ఏ ఖాతాకు పంపానో దాని చివరి నాలుగంకెలు, రిఫరెన్స్ నంబరు కింద రాశాను, బ్యాంకు రసీదు పీడీఎఫ్ జతచేశాను. సోమవారం సాయంత్రానికి పడకపోతే చెప్పండి, నేనే బ్యాంకును అడుగుతాను."

రిఫరెన్స్ నంబరు మెసేజ్‌లోనే టైప్ చేయండి. బొమ్మలోంచి చూసి రాసుకుంటే ఒక అంకె తప్పవచ్చు, అప్పుడు బ్యాంకుకు దొరకదు. మీ ఖాతా నిల్వ మాత్రం కనబడనివ్వకండి. ఇప్పుడు డబ్బు పడింది కాబట్టి "పూర్తయింది" అని ఉన్న రసీదు మళ్లీ పంపండి.

గోడగడియారం: "పొరపాటు నాదే" అని రాసిస్తే ఆలస్య రుసుము అడగడా?

కౌంటర్‌వెనక: జమ తేదీయే గడువని ఒప్పందంలో ఉంటే, ఆ మాట రాయకపోయినా అడగొచ్చు.

మేడమీదగది: ఒప్పందంలో "5వ తేదీలోపు అద్దె ఇవ్వాలి" అని మాత్రమే ఉంది.

గోడగడియారం: చూశారా! ఇచ్చేశాడు.

రెండుతాళాలు: నా చేతికి రానిది ఇచ్చినట్టెలా అవుతుంది?