అందరికీ ఒక స్నేహితుడు: ∀ ముందా, ∃ ముందా?

హరిణి: డిగ్రీ పరీక్షలో "అందరికీ ఒక స్నేహితుడు ఉన్నాడు" అనే వాక్యాన్ని గుర్తుల్లో రాయమన్నారు. నేను ∃y ∀x S(x, y) అని రాశాను. ∀ అంటే "ప్రతి ఒక్కరూ", ∃ అంటే "ఎవరో ఒకరు ఉన్నారు", S(x, y) అంటే x కు y స్నేహితుడు అని. సరైన జవాబు ∀x ∃y S(x, y) అంటూ మార్కులు తీసేశారు. తెలుగులో ఆ వాక్యానికి రెండు అర్థాలూ వస్తాయి కదా! ఇది న్యాయమేనా?

గోదారి గట్టు: న్యాయమే. తెలుగులో ముందు వచ్చిన మాటే గుర్తుల్లోనూ ముందు వస్తుంది. "అందరికీ" ముందుంది కాబట్టి ∀ ముందు. మీ అర్థమే కావాలంటే "ఒక స్నేహితుడు అందరికీ ఉన్నాడు" అని ఇచ్చేవారు.

పాత పలక: ఆ నియమం చాలా చోట్ల పనిచేస్తుంది కానీ నమ్ముకోదగ్గది కాదు. "ఒక పోలీసు ప్రతి గేటు దగ్గరా ఉంటాడు" అన్నామనుకోండి. "ఒక" ముందుంది. అయినా ఒకే పోలీసు అన్ని గేట్ల దగ్గరా నిలబడతాడని ఎవరూ అనుకోరు. అక్కడ అర్థాన్ని తేల్చింది మాటల వరుస కాదు, పోలీసుల గురించి మనకున్న లోకజ్ఞానం.

హరిణీ, ముందు రెండు సూత్రాల మధ్య తేడా చూడమ్మా. రమ, సీత, వాణి, లత అని నలుగురే ఉన్నారనుకో. రమకు సీత, సీతకు రమ, వాణికి లత, లతకు వాణి స్నేహితులు. ఇంకెవరికీ ఎవరితోనూ పొత్తు లేదు. అడ్డవరుసల్లో x, నిలువు వరుసల్లో y పెట్టి పట్టిక గీయి. ప్రతి అడ్డవరుసలోనూ ఒక టిక్కు పడుతుంది, కాబట్టి ∀x ∃y నిజం. కానీ పైనుంచి కిందిదాకా టిక్కులు నిండిన నిలువు వరుస ఒక్కటీ లేదు, కాబట్టి ∃y ∀x అబద్ధం. మొదటిదానిలో x ఎవరో చూశాకే y ని ఎంచుకుంటావు. రెండోదానిలో y పేరు ముందే చెప్పి, ఆ తర్వాత అందరి దగ్గరా నెగ్గాలి. రెండోది నిజమైతే మొదటిది తప్పక నిజం. తిరగేస్తే అలా కుదరదు.

మూడో అంతస్తు: మా అపార్ట్‌మెంటులో సరిగ్గా ఇదే గొడవ! "ప్రతి రాత్రీ ఒక కాపలాదారుడు ఉంటాడు" అని ఒప్పందంలో ఉంది. ఒకే మనిషి వస్తాడనుకుని సంతకం పెట్టాం. సంస్థవాళ్లు వారంలో ఐదుగురిని మార్చి పంపారు. అడిగితే "ఏ రాత్రి ఖాళీగా ఉంది?" అంటున్నారు. మోసం కాదా ఇది?

పాత పలక: మోసమో కాదో నేను చెప్పలేనండి, కానీ వాళ్లు ∀∃ ని అక్షరాలా పాటించారు. మీకు కావలసింది ∃∀. "ఒకే" అని రెండక్షరాలు చేర్చి ఉంటే సరిపోయేది.

గోదారి గట్టు: చూశారా, తెలుగులో "ఒకే" ఉంది, "ఒక్కో" ఉంది. "ఒక్కొక్కరికి ఒక్కో స్నేహితుడు" అంటే ∀∃ కు అచ్చమైన తెలుగు. ఇక తగాదా ఏముంది?

వెన్నెల: అచ్చమైనదంటే ఒప్పుకోను. "ఒక్కో" అనగానే వేరువేరు మనుషులు మెదులుతారు. ∀x ∃y కి ఆ పట్టింపు లేదు, అందరికీ ఒకరే స్నేహితుడైనా అది నిజమే.

హరిణి గారూ, వాక్యం సంగతి అటుంచితే మీ సూత్రంలోనే ఒక చిక్కు ఉంది. ∀x అంటే ఆ y కూడా అందులోకి వస్తాడు. అంటే అతను తనకు తానే స్నేహితుడు కావాలి! ఎవరూ తమకు తాము స్నేహితులు కారనుకుంటే మీ సూత్రం ఏ గుంపులోనూ నిజం కాదు. మీ అర్థానికి ∃y ∀x (x ≠ y → S(x, y)) అని రాయాలి.

హరిణి: అయ్యో, అది తోచనేలేదు. అయితే మాస్టారూ, ∀∃ నుంచి ∃∀ కు ఎప్పటికీ వెళ్లలేమా?

పాత పలక: ఊరికే వెళ్లలేం, అదనంగా ఏదైనా తెలిస్తే వెళ్లొచ్చు. దీనికి స్నేహితులతోనే ఒక అందమైన సిద్ధాంతం ఉంది. 1966లో ఎర్డోష్, రేన్యి, షోష్ అనే గణితవేత్తలు నిరూపించారు. స్నేహం ఇరువైపులా ఉండే ఒక పరిమిత గుంపులో, ఏ ఇద్దరిని తీసుకున్నా ఉమ్మడి స్నేహితుడు సరిగ్గా ఒక్కడే ఉంటే, మిగతా అందరికీ స్నేహితుడైనవాడు ఒకడు తప్పక ఉంటాడు. ఐదుగురితో గీసి చూడు: మధ్యలో సరళ, అటు ఒక జంట, ఇటు ఒక జంట, నలుగురూ సరళకు స్నేహితులు. కానీ గుంపు అనంతమైతే ఆ హామీ పోతుంది.

గోదారి గట్టు: ఇద్దరిద్దరికీ వేరువేరు ఉమ్మడి స్నేహితులు ఉండొచ్చు కదా? అందరికీ ఒకడే ఎందుకు తేలాలి?

పాత పలక: ఆ నిరూపణ ఇక్కడ నాలుగు వాక్యాల్లో ఇమడదు. నలుగురితో అలాంటి గుంపు కట్టి చూడండి, కుదరదు. ఎందుకు కుదరదో ఆలోచిస్తే దారి దొరుకుతుంది.

హరిణి: రేపు మా మేడమ్‌ను కలుస్తాను. ప్రశ్నలో "ఒకే" అని గానీ "ఒక్కో" అని గానీ ఎందుకు రాయలేదని అడుగుతాను. x ≠ y సంగతి మాత్రం నేనే ముందు చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నాను.

మూడో అంతస్తు: "ఒకే కాపలాదారుడు" అని రాసుకుంటే అతనికి జ్వరం వచ్చిన రాత్రి ఎవరు కాస్తారండీ?