ఈ రాతిగోడ చూసి ఏ ప్రాంతమో చెప్పగలరా?
ఒక పల్లె ఫోటో ఎక్కడిదో కనిపెట్టాలని చూస్తున్నా, పొలాల మధ్య సిమెంటు లేకుండా ఊరికే పేర్చిన లేత బూడిదరంగు సున్నపురాయి గోడలున్నాయి. మొదట ఇంగ్లండ్‌లో యార్క్‌షైర్ డేల్స్ అనుకున్నా, కానీ అక్కడ గోడని రెండు వరసలుగా కట్టి మధ్యలో చిన్నరాళ్లు నింపుతారు కదా, ఇందులో చాలాచోట్ల ఒకటే వరస, సందుల్లోంచి అవతలి వెలుతురు కనిపిస్తోంది, పొలాలు కూడా మరీ చిన్న ముక్కలు, గేట్లు దాదాపు లేవు. అందుకే ఐర్లండ్ పడమటి తీరంలో అరాన్ దీవులేమో అనిపిస్తోంది, అక్కడ గేటు బదులు గోడలో కొన్ని రాళ్లు తీసి పశువుల్ని తోలి మళ్లీ పేర్చేస్తారు. అయితే దీవులకి ఎదురుగా ఐర్లండ్ ఒడ్డున ఉన్న బర్రెన్ ప్రాంతంలో కూడా ఇదే రాయి! మరి ఈ రెండిట్నీ ఫోటోలో ఎలా విడదీయాలి? ఒక మూల పెద్దరాళ్లు నిలువుగా నిలబెట్టి మధ్యలో చిన్నవి కూరారు, అదేమైనా క్లూ అవుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.