స్టేజ్ 1 ట్యూన్: సర్వీసుకు ముందు స్టాక్ ఫైల్ వేసేస్తే సరిపోతుందా?

గాలిపటం
నాది రెండు లీటర్ల టర్బో డీజిల్, ఇంకా వారంటీలోనే ఉంది. పార్టులేవీ మార్చకుండా సాఫ్ట్‌వేర్‌తోనే పవర్ పెంచే స్టేజ్ 1 చేయిద్దామనుకుంటున్నా. సర్వీసుకు ఇచ్చే ముందు కంపెనీ ఇచ్చిన స్టాక్ ఫైల్ తిరిగి వేసేస్తే ఎవరికీ తెలియదని ట్యూనర్ అంటున్నాడు. నిజమేనా? ఇంజిన్‌కి ఏమైనా అవుతుందా?

డీజిల్ దొర
నిజమే బ్రదర్, హాయిగా చేయించుకో. కంపెనీ ఇదే ఇంజిన్ని రెండు పవర్లలో అమ్ముతుంది. చిన్నదాన్ని సాఫ్ట్‌వేర్‌తో తొక్కిపెడుతుంది. మన డబ్బుతో కొన్న ఇంజిన్‌లో ఉన్న పవర్నే మనం బయటికి తీస్తున్నాం. స్టాక్ ఫైల్ పడ్డాక ఇంకేం తేడా మిగులుతుంది?

వాణి_కాలిబ్రేషన్
మిగులుతుందండీ. స్టాక్ ఫైల్ వేస్తే CVN అనే చెక్ నంబర్ మళ్లీ అసలుదే కనిపిస్తుంది, అంతవరకు ట్యూనర్ మాట సరే. కానీ ఇంజిన్ని నడిపే కంప్యూటర్, అంటే ఈసీయూ, చాలావాటిలో ఎన్నిసార్లు ప్రోగ్రామ్ చేశారో లెక్కపెట్టే కౌంటర్ వేరేగా ఉంటుంది. ఫైల్ వెనక్కి వెళ్లినా అది వెనక్కి వెళ్లదు. సర్వీస్ రికార్డులో ఉన్న అప్‌డేట్ల కంటే కౌంటర్ ఎక్కువ చూపిస్తే అడుగుతారు.

ఇంకోటి. వారంటీ నిజంగా అవసరపడేది బండి రోడ్డు మీద ఆగిపోయినప్పుడు. టోయింగ్ బండి మీద వర్క్‌షాపుకి పోతున్న కారులో స్టాక్ ఫైల్ ఎప్పుడు వేస్తారు?

సందీప్99
నేను బైక్‌కి సైలెన్సర్ మార్చా, దానికీ ఈ కౌంటర్ ఉంటుందా?

డీజిల్ దొర
కౌంటర్ గొడవ వద్దనుకుంటే ట్యూనింగ్ బాక్స్ పెట్టుకోవచ్చు. పీకేస్తే ఆనవాలు ఉండదు. అసలు ప్రశ్న ఇంజిన్ గురించి కదా? నా బండి చాలాకాలంగా ట్యూన్ మీదే నడుస్తోంది. ఒక్కసారి కూడా నల్లపొగ రాలేదు.

వాణి_కాలిబ్రేషన్
బాక్స్ ఈసీయూకి అబద్ధం చెబుతుంది. రైల్ ప్రెషర్ ఉన్నదానికంటే తక్కువ అని చూపిస్తే ఈసీయూ ప్రెషర్ పెంచుతుంది. ఎంత డీజిల్ పడుతోందో ఈసీయూకే తెలియకుండా పోతుంది కాబట్టి పొగ రాకుండా ఆపే లెక్క, మసిని పట్టే ఫిల్టర్ డీపీఎఫ్‌లో మసి ఎంత చేరిందన్న లెక్క రెండూ తప్పుతాయి. మంచి రీమ్యాప్ ఆ పని చేయదు.

ఇంజిన్ సంగతి గాలిపటం గారి బండితోనే చూద్దాం. ఒక్కో సిలిండర్ అర లీటరు. మ్యానిఫోల్డ్‌లో 2.4 బార్ (వాతావరణ పీడనం కలిపి), గాలి 50 డిగ్రీలు, సిలిండర్ 90 శాతం నిండుతుంది అనుకుంటే, ఒక్కో స్ట్రోక్‌కి సుమారు 1,160 మిల్లీగ్రాముల గాలి లోపలికి వెళ్తుంది. స్టాక్‌లో 60 మిల్లీగ్రాముల డీజిల్ పడితే లాంబ్డా 1.33 దగ్గర ఉంటుంది. అంటే పూర్తిగా మండడానికి కావలసినదానికంటే మూడోవంతు గాలి ఎక్కువ. ఇప్పుడు టార్క్ లిమిటర్, స్మోక్ లిమిటర్ ఎత్తేసి డీజిల్‌ని మాత్రమే 72కి పెంచితే లాంబ్డా 1.11కి పడిపోతుంది. మసి ఒక్కసారిగా పెరిగేది అక్కడే. అదే బూస్ట్‌ని 2.6 బార్‌కి తీసుకెళ్తే గాలి 1,260 దాకా వస్తుంది, లాంబ్డా 1.2 దగ్గర నిలబడుతుంది. డీజిల్ అంతే, టార్క్ దాదాపు అంతే, కానీ మసి చాలా తక్కువ. అయితే ఆ అదనపు గాలికి టర్బో ఇంకా వేగంగా తిరగాలి. ఎక్కువ డీజిల్ ఇంకా ఆలస్యంగా మండితే టర్బైన్‌కి తగిలే వేడీ పెరుగుతుంది. ఊరికే వచ్చిందేమీ లేదు.

నల్లపొగ రాలేదంటే మసి లేదని కాదు దొరగారూ, డీపీఎఫ్ పట్టుకుంటోందని. డీపీఎఫ్‌లో చేరిన మసిని కాల్చేసే రీజెనరేషన్ల మధ్య దూరం మీ బండికి ట్యూన్‌కి ముందు ఎంత, ఇప్పుడెంత? ఆయిల్ లెవల్ పెరుగుతోందా? రీజెనరేషన్ కోసం ఆలస్యంగా చిమ్మే డీజిల్ కొంత సిలిండర్ గోడల మీదుగా ఆయిల్లోకి దిగుతుంది.

డీజిల్ దొర
అవన్నీ నేను రాసిపెట్టుకోను. బండి బాగానే ఉంది.

కొండదారి
నాది బాగాలేదు. మంచి పేరున్న చోటే చేయించా. కింద అద్భుతంగా నడిచింది. కొండ రోడ్డు మీద లోడ్‌తో ఎక్కుతుంటే ఈల లాంటి చప్పుడు, తర్వాత లింప్ మోడ్. టర్బో షాఫ్ట్ ఊగుతోందన్నారు, క్లెయిమ్ తిరస్కరించారు. డైనో షీట్ శుభ్రంగా ఉంది, బూస్ట్ కూడా 2.6 దాటలేదు. మరి ఎందుకు పోయింది?

వాణి_కాలిబ్రేషన్
టర్బో మీద భారం చెప్పేది మ్యానిఫోల్డ్‌లో కనిపించే 2.6 ఒక్కటే కాదండీ. బయటి గాలిని ఎన్ని రెట్లు నొక్కుతున్నారన్నది చూడాలి. సముద్రమట్టంలో బయట 1 బార్, కాబట్టి 2.6 రెట్లు. రెండు వేల మీటర్ల ఎత్తులో బయట సుమారు 0.8 బారే ఉంటుంది. అదే 2.6 తేవాలంటే 3.25 రెట్లు నొక్కాలి. దానికి షాఫ్ట్ తన హద్దు దాటి తిరగొచ్చు. అందుకే స్టాక్ ఫైల్‌లో ఎత్తుని బట్టి బూస్ట్ తగ్గించే మ్యాప్ ఒకటి ఉంటుంది. కొందరు ట్యూనర్లు టార్గెట్ పెంచినప్పుడు అడ్డొస్తోందని దాన్నీ పైకి లేపేస్తారు. కింద ఉన్న డైనో మీద ఈ తప్పు ఎప్పటికీ బయటపడదు. మీ ఫైల్ చూడకుండా ఇదే కారణమని నేను చెప్పలేను. నేనైతే ముందు ఆ మ్యాపే తెరిచి చూస్తాను.

డీజిల్ దొర
ఒక చెడ్డ ట్యూనర్ని చూపించి అందరినీ తిడతారేంటండీ? కంపెనీ మనిషిలా మాట్లాడుతున్నారు. రెండు పవర్లలో ఒకే ఇంజిన్ అమ్ముతారా లేదా? అవునో కాదో చెప్పండి.

వాణి_కాలిబ్రేషన్
కొన్నిచోట్ల అవును, తేడా సాఫ్ట్‌వేర్ ఒక్కటే. చాలాచోట్ల కాదు. టర్బో, ఇంజెక్టర్లు, ఇంటర్‌కూలర్, క్లచ్ వేరుంటాయి. పార్ట్ నంబర్లు పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసిపోతుంది. మీరు చూశారా?

డీజిల్ దొర
క్లచ్ పోతే పోనీ, నా డబ్బుతో వేయించుకుంటా. నా బండి, నా రిస్క్.

వాణి_కాలిబ్రేషన్
రిస్క్ మీదే అయితే స్టాక్ ఫైల్ తిరిగి వేయడం దేనికి?

డీజిల్ దొర
దేనికా? తలుపు లాక్ మోటార్ పోయి వెళ్తే, ఈసీయూ మార్చారు కాబట్టి ఏదీ ఇవ్వం అన్నారు నాకు! తలుపుకీ బూస్ట్‌కీ ఏం సంబంధం? ఆ రోజునుంచి దాస్తున్నా. ఇక ముందూ దాస్తా.

వాణి_కాలిబ్రేషన్
అది అన్యాయమే, దానిమీద మీతో వాదన లేదు. చెడిన భాగానికీ ట్యూన్‌కీ సంబంధం చూపించాల్సింది కాదన్నవాళ్లే. కానీ దాచడం తలుపు లాక్ దగ్గర ఆగదు. అదే అలవాటుతో టర్బో క్లెయిమూ వేస్తారు.

పాతకారు_కొన్నాను
మీ ఇద్దరూ మర్చిపోయింది నాలాంటి వాళ్లని. స్టాక్ ఫైల్ వేసి నాకు అమ్మేశారు. డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ కొట్టుకోవడం మొదలయ్యాకే కౌంటర్ సంగతి తెలిసింది. వాళ్ల రిస్క్ ఇప్పుడు నా దగ్గరుంది.

డీజిల్ దొర
అమ్మేటప్పుడు చెప్పాలి. అది వేరే మాట.

సందీప్99
డీపీఎఫ్ తీయకపోతే పొల్యూషన్ టెస్ట్ పాసవుతుంది కదా, ఇక చట్టం గొడవేముంది?

వాణి_కాలిబ్రేషన్
పొగ టెస్ట్ పాసవడం, అనుమతి ఉండటం ఒకటి కాదు. ఆమోదం ఇచ్చింది ఆ సాఫ్ట్‌వేర్‌తో కలిపి ఉన్న ఇంజిన్‌కి. డీపీఎఫ్ ఉన్నా, బూస్ట్, టైమింగ్ మారితే నైట్రోజన్ ఆక్సైడ్లు పెరగొచ్చు, మామూలు పొగ టెస్ట్ వాటిని కొలవదు. కాలిఫోర్నియా తనిఖీల్లో 2021 నుంచి సాఫ్ట్‌వేర్ మార్చారా అని కూడా చూస్తున్నారు. అక్కడ ఆమోదం లేని ఫైల్ ఉంటే బండి ఫెయిలే.

గాలిపటం
ఎత్తుకి బూస్ట్ తగ్గించే మ్యాప్ ముట్టుకుంటారా అని ట్యూనర్ని అడిగా. "అవన్నీ మీకెందుకు, డైనో షీట్ ఇస్తాం" అన్నాడు. వేరేవాళ్లని వెతుకుతున్నా. లాగ్‌లో ఏమేం అడగాలి?

వాణి_కాలిబ్రేషన్
మూడో గేరులో ఫుల్ థ్రాటిల్ లాగ్ అడగండి: బయటి పీడనం, అడిగిన బూస్ట్, వచ్చిన బూస్ట్, గాలి, డీజిల్ పరిమాణం. ట్యూన్‌కి ముందొకటి, తర్వాతొకటి. తక్కువ ఆర్‌పీఎంలోనే టార్క్ నిటారుగా లేస్తే క్లచ్, ఫ్లైవీల్ నలుగుతాయి, అక్కడ తగ్గించమనండి. రీజెనరేషన్ దూరం మాత్రం ఈరోజు నుంచే రాసుకోండి, ట్యూన్ చేశాక పాత లెక్క దొరకదు.

డీజిల్ దొర
ఫైల్ సంగతి ఎవరికీ చెప్పకు బ్రదర్. నా మాట అదే.