ఆషాఢం ముగింపు అమ్మకం ప్రకటనలో సరుకు లెక్క, మార్పిడి నియమం ఎంతవరకు చెప్పాలి?

గాంధీ రోడ్డు దుకాణం (తిరుపతి):
శ్రావణం సరుకు దిగేలోపు వేసవి నూలు కుర్తీలు ఖాళీ చేయాలి. "50 శాతం వరకు తగ్గింపు! స్టాక్ ఉన్నంత వరకే! అమ్మిన సరుకు మార్చబడదు, వాపసు తీసుకోబడదు" అని రాసుకున్నాము. మొత్తం 286 ఉన్నాయి గాని సగం ధరకు ఇచ్చేవి 46 మాత్రమే. ఉన్నది ఉన్నట్టు రాస్తే ఎవరూ గడప తొక్కరని మా నాన్నగారు అంటున్నారు. ఈ మాటలు చాలవా?

బిల్లు పుస్తకం:
చాలవు. నేను బట్టల వ్యాపారంలో లెక్కలు చూసే మనిషిని కాబట్టి ముందు సరుకు సంగతి అడుగుతాను. ఆ 46 కుర్తీలు ఏయే సైజుల్లో ఉన్నాయో దయచేసి చెప్పండి. మోసం ఎక్కువగా జరిగేది మొత్తం సంఖ్యలో కాదు, సైజుల దగ్గరే.

గాంధీ రోడ్డు దుకాణం:
ఎస్ 19, ఎం 2, ఎల్ 4, ఎక్సెల్ 3, డబుల్ ఎక్సెల్ 18. మిగిలిన 240 మీద 20 శాతమే తగ్గిస్తున్నాము.

బిల్లు పుస్తకం:
చూశారా, ఎక్కువ మంది అడిగే మధ్య సైజులు మూడూ కలిపినా తొమ్మిదే. "50 శాతం వరకు" అని చదివి పుత్తూరు నుంచో శ్రీకాళహస్తి నుంచో బస్సెక్కి వచ్చిన ఎం సైజు ఆవిడకు తన సైజు దొరికే అవకాశం దాదాపు లేదని మీకు ముందే తెలుసు. "స్టాక్ ఉన్నంత వరకే" అన్న మాట ఆమెకు ఈ విషయం చెప్పదు. తప్పుదోవ పట్టించే ప్రకటనలపై 2022లో వచ్చిన కేంద్ర మార్గదర్శకాల ప్రకారం, చెప్పిన ధరకు సరిపడా సరుకు ఇవ్వగలమన్న నమ్మకం లేకుండా ఆశ చూపి పిలవకూడదు. సరుకు తక్కువగా ఉంటే ఆ మాట స్పష్టంగా చెప్పాలి. ఆ నియమం అచ్చు ప్రకటనకే కాదు, వాట్సాప్‌లో పెట్టే నాలుగు వాక్యాలకూ వర్తిస్తుంది.

పాత బజారు (చిత్తూరు):
నేను ఒప్పుకోను. సంఖ్య రాయడం వినడానికి బాగుంటుంది, కానీ ఉదయం "ఎం 2" అని రాస్తే పదకొండు గంటలకే ఆ రెండూ పోతాయి, సాయంత్రం వచ్చినవారు మిమ్మల్ని అబద్ధాలకోరు అంటారు. ముప్పై ఏళ్లు గల్లా పెట్టె దగ్గర కూర్చున్నవాడిగా చెబుతున్నాను, లెక్క రాసి తప్పడం కంటే రాయకపోవడమే మేలు. మార్పిడి విషయంలో మాత్రం మీ మాట చెల్లదు, ఎందుకంటే ఏ సరుకైనా 30 రోజుల్లో వెనక్కి తీసుకోవాలని చట్టమే చెబుతోంది.

బిల్లు పుస్తకం:
పెద్దవారు, మీరు చెప్పినదాంట్లో సగం సరైనదే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వెనక్కి తీసుకోవాలన్నది లోపమున్న సరుకును. బిల్లులో గడువు రాసి ఉంటే ఆ గడువు లోపల, రాయకపోతే 30 రోజుల లోపల తీసుకుని డబ్బు ఇవ్వకపోతే అది అనుచిత వ్యాపార పద్ధతి అవుతుంది. రంగు నచ్చలేదనో, అదే కుర్తీ వదినగారు కొన్నారనో తెస్తే మార్చాలా వద్దా అన్నది దుకాణం ముందుగా చెప్పిన నియమాన్ని బట్టి ఉంటుంది. అందుకే "అమ్మిన సరుకు మార్చబడదు" అన్న గంపగుత్త వాక్యం ప్రమాదకరం. నచ్చకపోవడాన్నీ నేత తెగిపోవడాన్నీ అది ఒకే గాటన కట్టేస్తుంది.

లెక్క పాతబడుతుందన్న మీ భయం నిజమే. దానికి మందు లెక్క మానేయడం కాదు, లెక్క పక్కన వేళ రాయడం. వాట్సాప్ స్టేటస్ ఒక రోజులో పోతుంది కాబట్టి అందులో సైజుల వారీ సంఖ్య పెట్టవచ్చు. ఫేస్‌బుక్ పోస్టును రోజూ ఉదయం దిద్దాలి. ఫ్లెక్సీ మీద మాత్రం సైజుల సంఖ్య వద్దు, ఎందుకంటే ఒకసారి కట్టాక దాన్ని ఎవరూ దిద్దరు. దాని మీద "సగం ధరకు కొన్ని మాత్రమే, మధ్య సైజులు చాలా తక్కువ" అంటే చాలు.

మంగళం గృహిణి:
ఇదే నాకు జరిగింది. పోయిన ఏడాది ఒక దుకాణంలో తగ్గింపు చీర కొన్నాను. ఫాల్ కుట్టించి, జాకెట్టు గుడ్డ కత్తిరించాక కొంగు దగ్గర నేత జారిపోయి కనిపించింది. మార్చమంటే, కత్తిరించారు కాబట్టి కుదరదన్నారు. అసలు తగ్గింపులో చీరలు అమ్మడమే ఆపించాలి కదా?

బిల్లు పుస్తకం:
అమ్మా, ఇక్కడి ప్రశ్న కుర్తీల ప్రకటన గురించి, కానీ మీ అనుభవం దానికి బాగా పనికొస్తుంది. జాకెట్టు గుడ్డ కత్తిరించిన చీరను సైజు మార్పిడికో, నచ్చలేదనో తీసుకోమని ఎవరూ అడగలేరు. నేత లోపం మాత్రం కత్తెర వల్ల పుట్టింది కాదు కాబట్టి ఆ ఒక్క జవాబుతో మిమ్మల్ని పంపేయడం సరికాదు. దుకాణంవారు ఇందులో గమనించవలసింది ఒకటుంది. ముందే తెలిసిన మరకో, దారం లాగిన చోటో ఉంటే ఆ బట్టను వేరే స్టాండుకు తగిలించి, ఆ లోపం ఏమిటో ట్యాగు మీదా బిల్లు మీదా రాయాలి. అప్పుడు కొన్నవారు తెలిసే కొన్నట్టు అవుతుంది.

అలిపిరి దారి:
మన ఊరి సంగతి ఒకటి ఎవరూ ఎత్తలేదు. ఇక్కడ కొనేవారిలో చాలామంది దర్శనానికి వచ్చి మర్నాడే రైలెక్కే తమిళులు, కన్నడిగులు. వారికి "7 రోజుల్లో మార్చుకోండి" అన్న మాటకు విలువ లేదు. అమ్మే ముందే కౌంటరు మీద మడత విప్పి, వెలుతురులో చూపించి, వేసి చూసుకోమని చెప్పడమే వారికి అసలైన మార్పిడి నియమం. ఇంకొకటి, తగ్గింపు మాట తమిళంలో పెద్దగా రాసి, నియమాలు తెలుగులో చిన్న అక్షరాలతో రాసే అలవాటు పోవాలి.

బిల్లు పుస్తకం:
బాగా గుర్తు చేశారు. ఆ 2022 మార్గదర్శకాలే, షరతు కూడా ప్రకటన ఉన్న భాషలోనే, అదే అక్షరాల తీరులో, కంటికి కనబడేలా ఉండాలంటున్నాయి. దుకాణంవారు ఈ రూపాన్ని పరిశీలించాలని కోరుతున్నాను:

"ఆషాఢం ముగింపు అమ్మకం. సగం ధరకు 46 కుర్తీలే ఉన్నాయి: ఎస్ 19, ఎం 2, ఎల్ 4, ఎక్సెల్ 3, డబుల్ ఎక్సెల్ 18. ఇది శుక్రవారం ఉదయం 10 గంటల లెక్క. మరో 240 కుర్తీలపై 20 శాతం తగ్గింపు. సైజు సరిపోకపోతే ఉతకకుండా, ట్యాగు తీయకుండా, బిల్లుతో 7 రోజుల్లో తెస్తే మారుస్తాము. ఆ సైజు లేకపోతే మీరు కట్టిన మొత్తానికి మరొక బట్ట తీసుకోవచ్చు. నచ్చలేదని తెస్తే మార్చము. నేతలో గాని కుట్టులో గాని లోపం ఉంటే 30 రోజుల్లో తెండి, డబ్బు తిరిగి ఇస్తాము."

"కట్టిన మొత్తానికి" అన్న మాట వదలకండి. 900 రూపాయల కుర్తీని 450కి కొన్నవారు మార్పిడికి వచ్చినప్పుడు 900 లెక్కకు వాదిస్తారు, మీ కుర్రాళ్లు ఒక్కోసారి ఆ రోజు ధర కట్టి ఇంకా తక్కువ చూపుతారు. బిల్లు మీదున్న 450 ఒక్కటే ఇద్దరికీ ఆధారం.

పాత బజారు (చిత్తూరు):
చట్టం సంగతి దిద్దినందుకు సంతోషం. వేళ రాయడమూ ఒప్పుకుంటాను. కానీ "ఎం 2" అని చదివిన ఎం సైజువారు రారు, వస్తే 20 శాతం వాటిలోనైనా ఏదో ఒకటి కొనేవారు. ఆ నష్టం దుకాణానిదే.

బిల్లు పుస్తకం:
ఆ నష్టం కొంత ఉంటుంది, లేదనను. వచ్చి వట్టి చేతులతో వెళ్లినవారు శ్రావణంలో మళ్లీ వస్తారా అన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి.

గాంధీ రోడ్డు దుకాణం:
నాన్నగారికి చదివి వినిపించాను. లోపం వాక్యానికీ తమిళ పలకకూ ఒప్పుకున్నారు, సైజుల సంఖ్య దగ్గర ఇంకా తల ఊపలేదు. రేపు స్టేటస్‌లో మాత్రం సంఖ్యతో పెట్టి చూస్తాను. ఒకటి తేలలేదు. చెన్నై వెళ్లాక లోపం బయటపడితే కొరియరు ఖర్చు మేమే భరించాలా?

అలిపిరి దారి:
లోపం మీ సరుకుదైతే మీరే భరించడం న్యాయం, ఆ మాట కూడా ప్రకటనలోనే రాయండి.

పాత బజారు (చిత్తూరు):
450 రూపాయల కుర్తీకి రెండు వైపులా కొరియరు కడితే మిగిలేదేమిటి? ఫొటో పంపమని అడిగి, లోపం కనబడితే బట్ట వెనక్కి అడగకుండా డబ్బు పంపేయడమే చవక.