అప్‌డేట్: మీడియా కిట్‌లో ఏ నంబర్లు పెట్టానంటే

నా ప్రశ్న: "ఇన్‌స్టాలో వంటల పేజీ, 8,400 మంది ఫాలోవర్లు. బ్రాండ్‌లకు పంపే మీడియా కిట్‌లో ఏ నంబర్లు చూపించాలి?"

మీ సలహాలు చదివాక కిట్‌ను ఒక్క పేజీకి కుదించాను. ఫాలోవర్ల సంఖ్య పైన చిన్నగా ఉంది, అంతే.

ఎక్కువ ఆలోచించింది వ్యూస్ గురించి. చివరి పది రీల్స్‌లో ఒకటి వైరల్ అయి 1,90,000 దాటింది, మిగతా తొమ్మిదీ కలిపి 40,000. సగటు తీస్తే 23,000 వస్తుంది. అది చూసి డబ్బిచ్చిన బ్రాండ్‌కు తర్వాతి రీల్‌లో నాలుగైదు వేలే కనిపిస్తే మళ్లీ మన మొహం చూడరు. అందుకే వ్యూస్‌ను వరుసలో పేర్చి మధ్యలో వచ్చే అంకె, 4,500, తీసుకున్నాను. వైరల్ రీల్‌ను విడిగా, వైరల్ అనే రాశాను.

లైక్‌ల బదులు సేవ్‌లు పెట్టాను. గోంగూర పచ్చడి రీల్ 4,200 మందికి చేరితే 310 మంది సేవ్ చేశారు, అంటే వందకు ఏడుగురికి పైనే. వండుకోవాలనుకునేవాళ్లే సేవ్ చేస్తారు కదా, నూనెలూ మసాలాలూ అమ్మేవాళ్లకు కావాల్సింది వాళ్లే.

చూసేవాళ్లలో హైదరాబాద్, విజయవాడ వాళ్ల వాటా కూడా ఇన్‌స్టా చూపించే ఇన్‌సైట్స్ లెక్కల నుంచి తీసి, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకో కింద రాశాను. ఒక లోకల్ మసాలా బ్రాండ్ వాళ్లు ఇన్‌సైట్స్ స్క్రీన్ రికార్డింగ్ అడిగారు. పంపాను, అంకెలు సరిపోయాయి. ఇప్పుడు రేటు మాట్లాడుతున్నాం.